ఇద్దరు ఉద్యోగుల మధ్య రాజీ కుదిరాక కాగితం మీద ఏం రాయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. నేను పర్సనల్ విభాగం చూస్తాను. ల్యాబ్ కెమిస్టుకూ ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌కూ నిరుడు సీజన్ నుంచి అస్సలు పడటం లేదు. రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, "ఇకపై పరస్పరం గౌరవంగా, సహకారంతో పనిచేస్తాము" అని రాయించి సంతకాలు తీసుకున్నాను. పదిహేను రోజులు తిరగకుండానే మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఇద్దరూ మనసు విప్పి మాట్లాడారు, రాజీకి ఒప్పుకున్నారు. కాగితం మాత్రం ఎలా రాయాలో తెలియడం లేదు. స్టాంపు పేపరు మీద రాయించమంటారా?

సమాధానం:

మీరు రాయించిన ఆ వాక్యం కింద ఇద్దరూ సంతకం చేశారు గానీ, ఇద్దరూ ఒకే విషయానికి ఒప్పుకోలేదు. సూపర్‌వైజర్ లెక్కలో సహకారం అంటే రిపోర్టు త్వరగా చేతికి రావడం. కెమిస్టు లెక్కలో సహకారం అంటే రిపోర్టు వచ్చేదాకా ఫిల్లింగ్ మొదలుపెట్టకుండా ఆగడం. మరుసటి వారం ట్యాంకు నిండి, రిపోర్టు ఆలస్యమైన రోజున, ఒకరు "మాట తప్పింది ఎదుటివారే" అనుకున్నారు, రెండోవారు కూడా అదే అనుకున్నారు. ఇద్దరూ తమ తమ అర్థంలో నిజమే అనుకున్నారు కాబట్టి మీ మొదటి కాగితం కొత్త తగాదాకు సాక్ష్యంగా మారింది తప్ప పాత తగాదాను ఆపలేదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఫ్యాక్టరీలలో సిబ్బంది వ్యవహారాలు చూస్తూ నేను ఇరవై ఏళ్ళకు పైగా గడిపాను. ఇలాంటి కాగితాలు రాయించేటప్పుడు నేను పట్టుకునే పరీక్ష ఒక్కటే. ఆ గదిలో మనతో లేని మూడో మనిషి, నెల తర్వాత వచ్చి, ఇద్దరిలో ఎవరినీ అడగకుండా, రిజిస్టరు మాత్రమే చూసి "ఇది జరిగింది, ఇది జరగలేదు" అని చెప్పగలగాలి. చెప్పలేని వాక్యం ఎంత మంచిదైనా ఒప్పందంలో ఉండకూడదు. మీ ఫ్యాక్టరీ లాంటి చోటే, అచ్చంగా ఈ రెండు పదవుల మధ్యే, నేను కుదిర్చిన ఒక రాజీని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. మనుషులను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

సూపర్‌వైజర్‌కు నలభై ఎనిమిదేళ్ళు, ఇరవై సీజన్ల అనుభవం. కెమిస్టు ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, ఎమ్మెస్సీ చదివి వచ్చింది. జూన్ రెండో వారం, తోతాపురి కాయ వరసగా దిగుతోంది, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గుజ్జు ట్యాంకులో నిండుతుంది, నమూనా ల్యాబ్‌కు వెళ్తుంది, అక్కడ చక్కెర శాతం చూపే బ్రిక్స్, అసిడిటీ, పీహెచ్ చూసి సరేనంటేనే గుజ్జు స్టెరిలైజర్ దాటి ఫిల్లింగ్‌కు వెళ్ళాలి. రిపోర్టు ఆలస్యమైతే ట్యాంకులో గుజ్జు నిలిచిపోతుంది, వేడికి పులిసే ప్రమాదం ఉంటుంది, వెనక లైను మొత్తం ఆగుతుంది. ఆయన రెండుసార్లు రిపోర్టు రాకముందే ఫిల్లింగ్ మొదలుపెట్టించాడు. ఆమె నిండిన డ్రమ్ములన్నిటికీ హోల్డ్ చీటీ అంటించి, ఆ సంగతి ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ఆయన పేరుతో సహా పెట్టింది. ఆయన లైను దగ్గర కూలీలందరి ముందు "ఈ పాపకేం తెలుసు?" అన్నాడు. ఆమె "చదువుకోనివాళ్ళతో ఇంతే" అన్నది. ఆ తర్వాత పదిరోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు, మధ్యలో కుర్రాళ్ళ ద్వారా మాటలు మోయించుకున్నారు.

కాగితం దగ్గరికి వెళ్ళే ముందు ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడినప్పుడు, ఈ పని గొడవ కాకుండా ఇంకేమైనా ఉందా అని స్పష్టంగా అడిగాను. లైంగిక వేధింపు సంగతి ఏ కొంచెం ఉన్నా అది మనం పరిష్కరించేది కాదు. అది 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీ ముందుకు వెళ్ళవలసిందే. అక్కడ కూడా విచారణకు ముందు రాజీ అనేది బాధితురాలు తానుగా కోరితేనే సాధ్యం, డబ్బు ఇచ్చి రాజీ చేయడం కుదరదు. కులం పేరుతో దూషణ ఉన్నా ఇంతే, దాన్ని మన గదిలో సర్దుబాటు చేసి మూసిపెట్టే హక్కు మనకు లేదు. ఈ కేసులో అలాంటివేమీ లేవని ఇద్దరి నుంచీ తెలుసుకున్నాకే ముందుకు వెళ్ళాను. మీరు కూడా ఇది అడగకుండా పెన్ను పట్టకండి.

ఇక మాటలను పనులుగా మార్చడం. ఇద్దరినీ నేను అడిగిన ప్రశ్న ఇది: "ఎదుటి మనిషి మిమ్మల్ని గౌరవిస్తే, రేపు షిఫ్టులో మీ కంటికి ఏం కనిపిస్తుంది, చెవికి ఏం వినిపిస్తుంది?" సూపర్‌వైజర్ కాసేపు ఆలోచించి, "తప్పు జరిగితే ముందు నాకు చెప్పాలి, ఊరందరికీ కాదు" అన్నాడు. కెమిస్టు వెంటనే, "నా సంతకం పడకముందు డ్రమ్ములు నింపకూడదు, నన్ను పాప అని పిలవకూడదు" అన్నది. చూడండి, ‘గౌరవం’ అన్న ఒక్క మాట మూడు పనులుగా విడిపోయింది, మూడూ రాయదగినవే. ఈ ప్రశ్న అడిగాక మీరు తొందరపడి జవాబు అందించకండి. వాళ్ళ నోటి నుంచి వచ్చిన మాటే కాగితం మీదికి రావాలి, ఎందుకంటే మీ మాటలతో రాసినదాన్ని వాళ్ళు మీ ఒప్పందంగానే చూస్తారు.

మొదట్లో ఆమె రాయమన్న ఒక వాక్యం "లైను దగ్గర గట్టిగా అరవకూడదు" అన్నది. నేను రాయలేదు. పల్పర్ పక్కన నిలబడితే మామూలు మాట కూడా అరిచి చెప్పాల్సిందే, రేపు "అరిచాడు" అని ఆమె, "యంత్రం మోతలో ఎలా మాట్లాడాలి?" అని ఆయన అంటే తేల్చేవారు ఉండరు. గొంతు ఎంత పెద్దదో కొలవలేం. కానీ ఎక్కడ మాట్లాడారో, ఎవరి ముందు మాట్లాడారో తేల్చగలం. అందుకని ఆయన మాటల్లోనే ఇలా రాశాం: "ల్యాబ్ ఫలితం మీద నాకు అభ్యంతరం ఉంటే లైను దగ్గర గానీ కూలీల ముందు గానీ చెప్పను. ల్యాబ్ గదిలోకి వెళ్ళి కెమిస్టుతో నేరుగా చెప్తాను." ఆమె వైపు నుంచి దానికి జోడీగా వచ్చింది ఇది: "బ్యాచ్‌ను హోల్డ్‌లో పెడితే ముందు సూపర్‌వైజర్‌కు నేరుగా చెప్తాను. ఆ తర్వాతే గ్రూపులో పెడతాను. గ్రూపులో బ్యాచ్ నంబరు, అంకెలు, కారణం మాత్రమే రాస్తాను, ఎవరి పేరూ రాయను." ఇది నిలబడిందా లేదా అన్నది గ్రూపు తెరిచి వెనక్కి చూసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

పిలుపు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆ గదిలో ఎక్కువ సేపు పట్టింది దానికే. "మా కూతురి ఈడుది, ఆ ఉద్దేశంతోనే పాప అన్నాను" అని ఆయన నిజాయితీగానే చెప్పాడు. "ఇంట్లో అంటే సంతోషమే సార్, కూలీల ముందు అంటే రేపు నేను హోల్డ్ అన్నప్పుడు వాళ్ళు ఆగరు" అని ఆమె చెప్పింది. ఆ ఒక్క వాక్యం విన్నాక ఆయన మళ్ళీ వాదించలేదు. ‘మీరు’ అనీ ‘మేడం’ అనీ పిలుస్తానని ఆయన, ‘సార్’ అని పిలుస్తానని, చదువు గురించి మాట ఎత్తనని ఆమె రాశారు. ఇలాంటి చోట మర్యాదగా సంబోధించాలి అని రాసి వదిలేయకండి, ఏ మాటతో పిలవాలో ఆ మాటే రాయండి.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తాను. రిపోర్టు ఎంత సేపట్లో రావాలి? ఆయన పది నిమిషాలన్నాడు, ఆమె అరగంటన్నది. ఇలాంటప్పుడు మధ్యకు విరిచి ఇరవై అని రాసేయడం పర్సనల్ వాళ్ళకు అలవాటు. అలా రాసిన అంకె మొదటి వారంలోనే విరిగిపోతుంది. నేను ల్యాబ్‌కు వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, నమూనా లోపలికి వచ్చిన దగ్గర నుంచి రిజిస్టరులో సంతకం పడేదాకా గడియారం చూశాను. రిఫ్రాక్టోమీటర్ మీద బ్రిక్స్ చూడటానికి ఎంతో సేపు పట్టలేదు. నమూనాను చల్లార్చడానికి, అసిడిటీ కోసం టైట్రేషన్ చేయడానికి, లెక్క కట్టి రాయడానికి కలిపి 14 నిమిషాలు పట్టింది. రెండు ట్యాంకుల నమూనాలు ఒకేసారి వస్తే రెండోదానికి 25 నిమిషాలు పట్టింది. అప్పుడు ఒకే నమూనా అయితే 20 నిమిషాలు, రెండు కలిసి వస్తే రెండోదానికి 30 నిమిషాలు అని రాశాం. పనిని కళ్ళారా చూసి పెట్టిన అంకె కాబట్టి ఇద్దరిలో ఎవరూ దాన్ని కాదనలేకపోయారు.

ఆ రోజు ల్యాబ్‌లో కూర్చున్నప్పుడే ఇంకొకటి బయటపడింది. రిజిస్టరులో బ్యాచ్ నంబరు, బ్రిక్స్, అసిడిటీ, పీహెచ్, ఫలితం ఇచ్చిన సమయం అన్నీ ఉన్నాయి గానీ, నమూనా అందిన సమయానికి గడి లేదు. రెండు గంటలకు పంపానని ఆయన, రెండున్నరకు అందిందని ఆమె, నెల రోజులుగా వాదించుకుంటున్నారు, తేల్చే ఆధారం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. సంతకాలు వాయిదా వేసి, స్కేలు పెట్టి పెన్నుతో ఒక గడి గీయించాను. ట్యాంకు దగ్గర నుంచి నమూనా బయలుదేరిన సమయం సూపర్‌వైజర్ స్లిప్పు మీద రాస్తాడు, ల్యాబ్‌కు అందిన సమయం కెమిస్టు రిజిస్టరులో రాస్తుంది, స్లిప్పును పక్కనే అంటిస్తుంది. మూడు రోజులు ఇలా నడిపించి లెక్క చూస్తే, ఆలస్యమైన నమూనాలలో ఎక్కువ భాగం ట్యాంకుకూ ల్యాబ్‌కూ మధ్య దారిలోనే ఆలస్యమయ్యాయి. నమూనా మోసే కుర్రాడికే డ్రమ్ములకు లేబుళ్ళు అంటించే పని కూడా అప్పగించారు. ఆ పని అయ్యేదాకా నమూనా సీసా బల్ల మీదే ఉండేది. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఆమె చెప్పిందీ అబద్ధం కాదు.

దీని నుంచి మీకు రెండు పనికొచ్చే సంగతులు ఉన్నాయి. కొలిచే ఆధారం ముందు సిద్ధం కాకుండా కొలవదగిన హామీ రాయించకూడదు. అది కూడా వీలైనంతవరకు రోజూ రాసే పుస్తకంలోనే ఉండాలి. ఒప్పందం కోసమని కొత్త ఫారం పెడితే సీజన్ ఒత్తిడిలో దాన్ని ఎవరూ నింపరు. ఇక రెండోది, ఇద్దరి చేతిలో లేని విషయాన్ని వాళ్ళ హామీగా రాయించడం అన్యాయం. కుర్రాడి సంగతి మేనేజ్‌మెంటుది. అందుకని ఒప్పందంలో మూడో భాగం పెట్టి, "రెండు షిఫ్టులలోనూ నమూనాలు చేరవేయడానికి వేరే పని లేని ఒక మనిషిని ఫలానా తేదీ నుంచి నియమిస్తాము" అని ఫ్యాక్టరీ మేనేజర్ చేత రాయించి సంతకం పెట్టించాను. పై అధికారి సంతకం లేకుండా కింది ఇద్దరి చేతనే అన్ని భారాలూ మోయించే కాగితం నిలబడదు, నేను తొలి రోజుల్లో అలా రాయించిన వాటిలో ఒక్కటీ నిలబడలేదు.

అన్ని హామీలకూ ఒకే కొలత పెట్టకండి. సమయానికి సంబంధించిన హామీలో కొంత సందు ఉండాలి. కరెంటు పోతుంది, గాజు సామాను పగులుతుంది, ఒకేసారి మూడు ట్యాంకులు నిండుతాయి. అందుకని "వారంలో వచ్చిన ప్రతి 10 నమూనాలలో కనీసం 9కి" అని రాశాం. కరెంటు పోయిన సమయాన్ని షిఫ్టు పుస్తకంలో రాసి ఉంటే ఆ నమూనాలను లెక్కలోంచి తీసేయాలని కూడా చేర్చాం. కానీ కెమిస్టు సంతకం పడకముందు ఫిల్లింగ్ ప్రారంభించకూడదన్న హామీకి సందు ఇవ్వలేదు. అక్కడ పదికి తొమ్మిది అన్న మాటే ఉండదు, ఎందుకంటే మిగిలిన ఆ ఒక్క బ్యాచ్ కొనేవాడి దగ్గరికి వెళ్తుంది.

దీనికి సంబంధించే ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. మా మొదటి చిత్తులో సూపర్‌వైజర్ "20 నిమిషాల్లో బ్యాచ్ పాస్ చేయాలి" అని రాయమన్నాడు. కెమిస్టు కూడా గొడవ తీరితే చాలనుకుని తల ఊపింది. నేను ఆ మాట కొట్టేసి "ఫలితం రాయాలి" అని మార్చాను. బ్యాచ్‌ను ఆపే అధికారం ఆమె సొంత ఆస్తి కాదు, రాజీలో వదులుకోవడానికి. అది ఆహార భద్రత కోసం ఆ పదవికి ఇచ్చిన బాధ్యత. ఇద్దరు మనుషుల మధ్య శాంతి కోసం మూడో మనిషి తినే వస్తువు మీద బేరం కుదర్చకూడదు. మీ కాగితంలో ప్రతి హామీనీ చదివి, దీనివల్ల నాణ్యత గానీ, కూలీల రక్షణ గానీ, ఇంకెవరి హక్కు గానీ తగ్గుతోందా అని చూసుకోండి.

పూర్తయిన ఒప్పందంలో సూపర్‌వైజర్ భాగం ఇలా వచ్చింది, మీరు పోలిక కోసం వాడుకోవచ్చు:

"నేను ప్రతి బ్యాచ్ నమూనాను ట్యాంకు నిండిన 5 నిమిషాలలో, సమయం రాసిన స్లిప్పుతో ల్యాబ్‌కు పంపిస్తాను. రిజిస్టరులో ఫలితమూ కెమిస్టు సంతకమూ పడకముందు ఏ బ్యాచ్‌నూ ఫిల్లింగ్‌కు వదలను. ఫలితం మీద అభ్యంతరం ఉంటే ల్యాబ్ గదిలో నేరుగా చెప్తాను, లైను దగ్గర చెప్పను. కెమిస్టును మేడం అని పిలుస్తాను."

కెమిస్టు భాగం:

"నేను నమూనా అందిన వెంటనే ఆ సమయం రిజిస్టరులో రాసి, 20 నిమిషాలలో, రెండు నమూనాలు కలిసి వస్తే రెండోదానికి 30 నిమిషాలలో ఫలితం రాస్తాను. వారంలో ప్రతి 10 నమూనాలకు కనీసం 9కి ఇది పాటిస్తాను. హోల్డ్ పెడితే కారణమూ, తర్వాత చేయవలసిన పనీ ఒక వాక్యంలో రాసి, 10 నిమిషాలలో సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి చెప్తాను. గ్రూపులో వ్యక్తుల పేర్లు రాయను. సూపర్‌వైజర్‌ను సార్ అని పిలుస్తాను. చదువు గురించి మాట్లాడను."

గమనించండి, ప్రతి వాక్యంలోనూ చేసేవాడు ‘నేను’. "ఆయన సమయానికి పంపితే నేను సమయానికి ఇస్తాను" అన్న షరతు ఎక్కడా లేదు. షరతు పెడితే మొదటిసారి ఒకరు జారగానే రెండోవారికి కూడా విడుదల దొరికినట్టే. అలాగే గతంలో ఎవరిది తప్పో అన్నది ఇందులో లేదు. క్షమాపణ చెప్పుకోవాలనుకుంటే నోటితో చెప్పుకుంటారు. ఈ ఇద్దరూ చెప్పుకున్నారు. దాన్ని కాగితం మీదికి ఎక్కిస్తే రేపు అది నేరాంగీకారంలా వాడుకోవడానికి పనికొస్తుందన్న భయం పుడుతుంది.

ఎవరైనా మాట తప్పితే ఏం చేయాలో కూడా రాయాలి, ఎందుకంటే తప్పడం తప్పకుండా జరుగుతుంది. జరిమానాలూ మెమోలూ ఇందులో పెట్టకండి. మేం రాసింది ఇది: ఇబ్బంది పడినవారు ఆ షిఫ్టు ముగిసేలోపు ఎదుటివారికి ఒంటరిగా చెప్పాలి, మరుసటి షిఫ్టు ముగిసేలోపు సర్దుబాటు కాకపోతే నా దగ్గరికి రావాలి, గ్రూపులో గానీ మిగతా సిబ్బంది దగ్గర గానీ చెప్పకూడదు. ఈ కాగితంలోని హామీ తప్పడాన్ని మాత్రమే ఆధారం చేసుకుని క్రమశిక్షణ చర్య తీసుకోబోమని మేనేజర్ చేత రాయించాను. అయితే సంతకం లేకుండా ఫిల్లింగ్ చేయడం ఒప్పందం లేకపోయినా ఫ్యాక్టరీ నియమాల ప్రకారం తప్పే, దానికి ఈ కాగితం రక్షణ కాదని కూడా అక్కడే స్పష్టం చేశాం. మీ మేనేజ్‌మెంటుతో ఈ సంగతి ముందే తేల్చుకోండి. మీరు మాట ఇచ్చాక వాళ్ళు మెమో ఇస్తే ఇక మీ ముందు ఎవరూ నోరు విప్పరు.

మిగతా సిబ్బంది అడిగితే ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి ఒక వాక్యం అనుకున్నారు: "పని విషయంలో కొన్ని పద్ధతులు మార్చుకున్నాం." అంతకు మించి ఎవరూ చెప్పరు. చిన్న ఫ్యాక్టరీలో ఈ ఒక్క వాక్యం లేకపోతే సాయంత్రానికి గేటు దగ్గర టీ కొట్టులో ఎవరు గెలిచారు, ఎవరు తగ్గారు అన్న చర్చ నడుస్తుంది.

స్టాంపు పేపరు సంగతి అడిగారు. వద్దు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో, పార్టీలూ మధ్యవర్తీ సంతకాలు చేసిన పరిష్కార ఒప్పందానికి కోర్టు డిక్రీలా అమలు చేయించుకునే బలం ఉంటుందని రాసి ఉంది గానీ, అది వేరే దారి. ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలి, నమూనా ఎన్ని నిమిషాల్లో పంపాలి అన్నవి కోర్టులో అమలు చేయించుకునేవి కావు. స్టాంపు పేపరు చూడగానే ఇద్దరూ లాయర్ల వైపు చూస్తారు, మాటలు బిగుసుకుంటాయి. జీతం బకాయి, రాజీనామా, పరిహారం లాంటివి ఉంటే మాత్రం లాయరును సంప్రదించి విడిగా రాయించండి. దీనికి తెల్ల కాగితం, తేదీ, ముగ్గురి సంతకాలు, తలా ఒక ప్రతి చాలు. సంతకం కూడా ఆ రోజే పెట్టించకండి. చిత్తు ఇచ్చి ఒక రాత్రి గడవనివ్వండి. మా సూపర్‌వైజర్ సరిహద్దు పల్లె మనిషి, తమిళంలో చదువుకున్నాడు, తెలుగు మాట్లాడటం బాగా వచ్చు గానీ చదవడం నెమ్మది. మరుసటి రోజు ఉదయం ప్రతి వాక్యమూ పైకి చదివి, ఆయన చేతనే తిరిగి చెప్పించాను. అప్పుడే ‘ట్యాంకు నిండిన 5 నిమిషాలలో’ అన్నచోట, నిండటం అంటే ఏ గుర్తు దగ్గరికి అన్న ప్రశ్న ఆయనే అడిగాడు. పై వాల్వు మూసిన సమయం అని బ్రాకెట్లో చేర్చాం.

సమీక్ష తేదీలు సంతకాలప్పుడే వేయాలి. ‘అవసరమైనప్పుడు’ అని రాస్తే ఎవరూ కూర్చోరు, అవసరం వచ్చేనాటికి కూర్చునే స్థితి ఉండదు. ఇంకొకటి, పల్ప్ ఫ్యాక్టరీలో సీజన్ అయ్యాక సమీక్ష పెడితే ఇద్దరూ చక్కగా కనిపిస్తారు, ఎందుకంటే పనే ఉండదు. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే కనీసం ఒకటి రెండుసార్లు చూడాలి. మేం 8వ రోజు, 30వ రోజు, సీజన్ చివరి వారం అని మూడు తేదీలు వేసుకున్నాం. ప్రతిసారీ అరగంట, బల్ల మీద ల్యాబ్ రిజిస్టరు, షిఫ్టు పుస్తకం, గ్రూపు తెరిచిన ఫోన్. లెక్క నేను ముందే తీసి ఉంచుతాను. ఎవరి తప్పులు ఎవరూ పుస్తకంలో రాసుకుంటూ కూర్చోకూడదని మొదటే చెప్పాను, అది కాపలా కాయడమవుతుంది. ముందు అంకెలు చదువుతాం, తర్వాతే ఎవరికి ఎలా అనిపించిందో మాట్లాడతాం. ఈ వరస తిరగబడితే మళ్ళీ పాత గొడవే మొదలవుతుంది. ప్రతి హామీ పక్కనా ఉంచాలి, మార్చాలి, తీసేయాలి అన్న మూడింటిలో ఒకటి రాసి సంతకం పెడతాం.

8వ రోజున, సంతకం లేకుండా ఫిల్లింగ్‌కు వెళ్ళిన బ్యాచ్ ఒక్కటీ లేదు. 20 నిమిషాల హామీ పదికి తొమ్మిది దాటింది. కానీ హోల్డ్ పెట్టిన నాలుగు సందర్భాలలో మూడింటిలో సూపర్‌వైజర్‌కు 10 నిమిషాలలో కబురు అందలేదు. ఆమె నిర్లక్ష్యం అనుకోవడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఆమె ఫోన్ తీసి చూపించింది, మూడుసార్లూ చేసింది, ఆయన ఎత్తలేదు. ఫిల్లింగ్ గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదన్నది ఫ్యాక్టరీ నియమం, ఆయన ఫోన్ క్యాబిన్‌లో ఉంది. చేయడానికి వీల్లేని హామీని మేమే రాశాం. అక్కడే ఫోన్ అన్న మాట కొట్టేసి, ఎర్ర చీటీ మీద రాసి నమూనా కుర్రాడితో పంపాలని, ఆయన సమయం వేసి సంతకం చేయాలని మార్చాం.

ఇంకో మార్పు నా వల్ల వచ్చింది. వారానికి ఒకసారి ఇద్దరూ కలిసి పావుగంట టీ తాగాలని నేనే ఒక వాక్యం చేర్పించాను. 30వ రోజున అడిగితే ఇద్దరూ మొహమాటపడ్డారు, నాలుగు వారాల్లో ఒక్కసారే కూర్చున్నారు, అది కూడా నేను గుర్తుచేస్తే. స్నేహాన్ని హామీగా రాయించబోవడం నా తప్పు, ఆ వాక్యం తీసేశాం. పనిచోట ఇద్దరూ స్నేహితులు కానక్కరలేదు, రిపోర్టు సమయానికి వచ్చి, దాన్ని ఆయన గౌరవించి ఆగితే చాలు.

సీజన్ చివరి వారంలో మూడోసారి కూర్చున్నప్పుడు, నమూనా అందిన సమయం గడి, స్లిప్పు, ఎర్ర చీటీ ఈ మూడింటినీ ల్యాబ్ మామూలు పద్ధతిగా మార్చమని మేనేజర్‌కు ఇద్దరూ కలిసి రాసిచ్చారు. అవి ఇక వాళ్ళిద్దరి మధ్య హామీలు కావు కాబట్టి ఒప్పందంలోంచి తీసేశాం. గ్రూపు గురించి, లైను దగ్గర అభ్యంతరం చెప్పకపోవడం గురించి రాసిన రెండూ మిగిలాయి. వాటిని వచ్చే సీజన్ మొదటి పది రోజుల వరకు పొడిగించి, ఆ తర్వాత ఒప్పందం దానంతట అదే ముగుస్తుందని చివరి తేదీ వేశాం.

మీరు రేపు ఫ్యాక్టరీకి వెళ్ళగానే కాగితం తీయకండి. ముందు మీ ల్యాబ్ రిజిస్టరు తెరిచి, నమూనా అందిన సమయానికి గడి ఉందో లేదో చూడండి. లేకపోతే అది గీయించి, మూడు రోజుల లెక్క చేతికి వచ్చాక ఇద్దరినీ మళ్ళీ కూర్చోబెట్టండి.